ఒకే టీవీ, ఇంట్లో ఐదుగురు: ఓటీటీ యాప్‌లలో ఎవరి ప్రొఫైల్ వాళ్ళకి పెట్టడం ఎలా

ఇంట్లో టీవీ ఒక్కటే ఉండి, అందరూ ఒకే ప్రొఫైల్‌లో చూస్తుంటే మొదట దెబ్బతినేది సగంలో ఆపిన ఎపిసోడ్. అత్తగారు రాత్రి రెండో ఎపిసోడ్ మధ్యలో ఆపి పడుకుంటారు. మర్నాడు మధ్యాహ్నం కోడలు అదే సిరీస్‌ని నాలుగో ఎపిసోడ్ దాకా చూస్తుంది. సాయంత్రం అత్తగారు మళ్ళీ పెడితే ఐదోది మొదలవుతుంది. తను ఎక్కడ ఆపారో ఆవిడకి గుర్తుండదు, యాప్‌కీ తెలియదు. ఆ తర్వాత సిఫార్సులు పాడవుతాయి. పిల్లాడు నాలుగు రోజులు వరసగా కార్టూన్లు చూశాడంటే హోమ్ స్క్రీన్ సగం కార్టూన్లే. పెద్దపిల్ల ఓ రాత్రి హారర్ సినిమా చూస్తే, మర్నాడు పొద్దున్నే ఆ పోస్టర్లు చిన్నవాడి కళ్ళ ముందుంటాయి.

దీనికి ప్రొఫైల్స్ పెట్టుకోవాలని అందరికీ తెలుసు. చాలా ఇళ్ళలో పెట్టుకుంటారు కూడా. రెండు వారాల్లో మళ్ళీ అన్నీ కలిసిపోతాయి. నేను చూసినంతలో కారణాలు రెండు. ఒకటి, కలిసి చూసేటప్పుడు ఏ ప్రొఫైల్ వాడాలో ఎవరూ ముందే అనుకోరు. రెండు, తాళం వేయాల్సిన చోట వేయరు. ఈ రెండూ సరిచేస్తూ గుంటూరు బ్రాడీపేటలో మా అక్కావాళ్ళ ఇంట్లో ఎలా పెట్టామో చెబుతాను. మీ ఇంటి లెక్క వేరైనా పద్ధతి అదే.

ముందు కాగితం మీద

అక్కావాళ్ళింట్లో అక్క, బావ, అక్క అత్తగారు, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మేనకోడలు, మూడో తరగతి చదివే మేనల్లుడు ఉంటారు. నెట్‌ఫ్లిక్స్‌లో ఒక అకౌంట్‌కి ఐదు ప్రొఫైల్సే ఇస్తారు. మనుషులు ఐదుగురు, ప్రొఫైల్స్ ఐదు, సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ ఆదివారం భోజనాలయ్యాక అందరూ కూర్చుని సినిమా పెడితే అది ఎవరి ప్రొఫైల్‌లో పెట్టాలి? అక్కడే మళ్ళీ కలగాపులగం మొదలవుతుంది. అందుకే కలిసి చూడటానికి విడిగా ఒక ప్రొఫైల్ ఉండాలి. దానికి "అందరం" అని పేరు పెట్టుకున్నాం. దాంతో ఆరు కావాలి, ఉన్నవి ఐదే.

ఇక్కడ చూడాల్సింది ఎవరు ఏ యాప్ వాడతారన్నది. బావ నెట్‌ఫ్లిక్స్‌లో ఒంటరిగా కూర్చుని చూసేది దాదాపు ఏమీ లేదు. ఆయనకి క్రికెట్ కావాలి, అది జియోహాట్‌స్టార్‌లో. నెట్‌ఫ్లిక్స్‌లో ఆయన చూసేవి ఎలాగూ అందరితో కలిసే. కాబట్టి నెట్‌ఫ్లిక్స్‌లో బావకి విడి ప్రొఫైల్ వద్దనుకున్నాం. అలాగే జియోహాట్‌స్టార్‌లో మేనకోడలికి ప్రొఫైల్ పెట్టలేదు, తను అది తెరవదు. ప్రతి యాప్‌లో ప్రతి మనిషికీ ఒకటి ఉండాలని లేదు. ఖాళీ ప్రొఫైల్స్ ఎక్కువైతే పెద్దవాళ్ళు రిమోట్‌తో తమది వెతుక్కోవడానికే ఇబ్బంది పడతారు.

ఓ కాగితం తీసుకుని యాప్ పేరు రాసి, దాని కింద ఎవరెవరు విడిగా చూస్తారో రాయండి. ప్రతి యాప్‌లోనూ "అందరం" ఒకటి చేర్చండి. పక్కనే ఆ అకౌంట్ ఎవరి ఈమెయిల్ మీద, ఎవరి ఫోన్ నంబర్ మీద ఉందో కూడా రాయండి. రేపు ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే. అక్కావాళ్ళింట్లో నెట్‌ఫ్లిక్స్ అక్క ఈమెయిల్ మీద, జియోహాట్‌స్టార్ బావ నంబర్ మీద ఉన్నాయి. బావ షాపులో ఉన్నప్పుడు మొదలుపెడితే ఓటీపీ కోసం ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి. ఇద్దరూ ఇంట్లో ఉన్న రోజు పెట్టుకుంటే పని అరగంటలో అయిపోతుంది.

నెట్‌ఫ్లిక్స్: ల్యాప్‌టాప్‌లో మొదలుపెట్టండి, టీవీలో కాదు

టీవీలో కూడా Add Profile కనిపిస్తుంది. రిమోట్‌తో ఒక్కో అక్షరం ఏరుకుంటూ పేరు కొట్టడం ఒక ఇబ్బందైతే, తాళం, వయసు పరిమితి వంటి అసలు సెట్టింగులు అకౌంట్ పేజీలో ఉండటం ఇంకొకటి. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో netflix.com తెరిచి లాగిన్ అవ్వండి. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లోనైనా చేయొచ్చు. ఇక్కడ చేసినవన్నీ టీవీలో వాటంతటవే కనిపిస్తాయి.

మొదటి పని, ఉన్న పాత ప్రొఫైల్ సంగతి తేల్చడం. ఇన్నాళ్ళూ అందరూ వాడింది సాధారణంగా అకౌంట్ తెరిచినప్పుడు వచ్చిన మొదటి ప్రొఫైలే. దాన్ని నెట్‌ఫ్లిక్స్ తీసేయనివ్వదు. కాబట్టి దాన్ని అకౌంట్ యజమానికే ఇవ్వాలి. మా ఇంట్లో అక్కకి. దాన్నే "అందరం"గా మార్చేస్తే సరిపోతుంది కదా అని బావ అడిగారు. అలా చేయకూడదు, ఎందుకంటే ఆ మొదటి ప్రొఫైల్‌కి తాళం వేయాలి. "అందరం"కి తాళం వేస్తే అత్తయ్యగారు కూడా పిన్ కొట్టాల్సి వస్తుంది.

పాత చరిత్రని ఇలా శుభ్రం చేయాలి. Account పేజీలో Profiles లోకి వెళ్ళి ఆ ప్రొఫైల్ ఎంచుకుంటే Viewing activity అని ఉంటుంది. అందులో చూసినవన్నీ తేదీలతో వరసగా కనిపిస్తాయి. ఒక్కోదాని పక్కన అడ్డగీత ఉన్న గుండ్రటి గుర్తు నొక్కితే అది దాగిపోతుంది. ఎపిసోడ్ దాచాక మొత్తం సిరీస్‌ని దాచమంటారా అని కూడా అడుగుతుంది. అక్క అయితే కార్టూన్లు, తను చూడని సిరీస్‌లు మాత్రం దాచి, తనవి ఉంచుకుంది. ఓపిక లేకపోతే అన్నీ ఒకేసారి దాచేయొచ్చు. దాచినవి అన్ని పరికరాల్లోంచి పోవడానికి 24 గంటల దాకా పడుతుంది. వెంటనే టీవీలో చూసి పోలేదని మళ్ళీ మళ్ళీ నొక్కకండి.

ఆ తర్వాత మిగతా నాలుగూ తయారు చేయండి. ప్రొఫైల్స్ పేజీలో Manage Profiles, అందులో Add Profile. పేర్లు చిన్నగా ఉండాలి, బొమ్మలు బాగా వేరువేరు రంగుల్లో ఉండాలి. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకోకుండా టీవీ చూస్తారు, పేరు చదవరు. ఆవిడకి పసుపు రంగు బొమ్మ పెట్టి, "అత్తయ్యగారూ, పసుపుది మీది" అని చెప్పాం. మిగతా నాలుగింటిలో దేనికీ ఆ రంగు దగ్గర్లో కూడా లేకుండా చూశాం. పెద్దవాళ్ళకి ఈ ఒక్క జాగ్రత్తే ఎక్కువ ఉపయోగపడుతుంది.

చిన్నవాడి ప్రొఫైల్ తయారు చేసేటప్పుడు అది పిల్లల ప్రొఫైల్ అని చెప్పే మీట ఆన్ చేయండి. దాంతో తెరే మారిపోతుంది, పిల్లలకి తగినవే కనిపిస్తాయి, అకౌంట్ సెట్టింగుల్లోకి వెళ్ళే దారి ఉండదు. తర్వాత Account పేజీలో ఆ ప్రొఫైల్ తెరిచి Adjust parental controls లో వయసు పరిమితి ఎంచుకోవాలి. మన దేశంలో 2021లో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలో వచ్చేవన్నీ ఐదు రకాలు: అందరూ చూడదగ్గవి U, ఆ పైన U/A 7+, U/A 13+, U/A 16+, పెద్దవాళ్ళకి మాత్రమే A. ఎనిమిదేళ్ళవాడికి 7+ దగ్గర ఆపాం. మేనకోడలికి 16+. "అందరం"కి 13+ పెట్టాం, ఎందుకంటే అది తెరిచి ఉంటుంది, చిన్నవాడు దాంట్లోకీ వెళ్ళగలడు. 16+ సినిమా అందరూ కలిసి చూడాలనుకుంటే అక్క ప్రొఫైల్‌లో పిన్ కొట్టి పెడుతుంది. ఏడాదిలో నాలుగైదుసార్లు వచ్చే ఆ చిన్న ఇబ్బంది భరించదగ్గదే.

పరిమితి లోపల ఉన్నవాటిలో కూడా మీకు నచ్చనిది ఒకటుంటే, అదే పేజీలో దాని పేరు రాసి ఆ ప్రొఫైల్‌కి కనపడకుండా చేయొచ్చు. మేనల్లుడికి ఓ కార్టూన్ చూసిన రాత్రల్లా కలత నిద్రే. వయసు ప్రకారం అది వాడికి తగినదే. అయినా ఆ ఒక్కదాన్నీ అలా ఆపాం.

తాళం పిల్లాడికి కాదు, పెద్దవాళ్ళకి

అందరూ తప్పిపోయే చోటు ఇదే. పిల్లల ప్రొఫైల్ పెట్టాం కదా, ఇక పని అయిపోయిందనుకుంటారు. కానీ టీవీ పెట్టగానే ఐదు బొమ్మలు వరసగా వస్తాయి. పిల్లాడు తన బొమ్మ పక్కనున్న అమ్మ బొమ్మ నొక్కితే చాలు, అన్నీ తెరుచుకుంటాయి. పిల్లల ప్రొఫైల్‌లోంచి వెనక్కి వచ్చి వేరేది ఎంచుకోవడం కూడా వాళ్ళకి బాగానే తెలుసు. కాబట్టి తాళం ఉండాల్సింది వయసు పరిమితి ఎక్కువగా ఉన్న ప్రతి ప్రొఫైల్‌కీ. మా ఇంట్లో అక్కది, మేనకోడలిది.

Account పేజీలో ఆ ప్రొఫైల్ తెరిస్తే Profile Lock ఉంటుంది. అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇచ్చాక నాలుగంకెల పిన్ పెట్టుకోవాలి. మొదటి ప్రొఫైల్‌కి తాళం వేసేటప్పుడు, కొత్త ప్రొఫైల్ చేర్చాలన్నా ఈ పిన్ అడగాలా అనే చిన్న గడి కనిపిస్తుంది. దాన్ని తప్పకుండా టిక్ చేయండి. లేకపోతే పిల్లాడు Add Profile నొక్కి, ఏ పరిమితీ లేని కొత్త ప్రొఫైల్ తనే తయారు చేసుకోగలడు. ఈ ఒక్క టిక్ వదిలేస్తే పైన చేసిందంతా వృథా.

పిన్‌గా పుట్టిన సంవత్సరం వద్దు, ఫోన్ లాక్ వద్దు, టూ వీలర్ నంబర్ వద్దు. ఇవన్నీ పిల్లలకి నోటికి వచ్చు. పైగా టీవీలో పిన్ కొట్టేటప్పుడు రిమోట్ ఎటు వెళ్తోందో వెనక కూర్చున్నవాడికి కనిపిస్తుంది. పిల్లాడు గదిలో ఉన్నప్పుడు కొట్టాల్సి వస్తే, కొన్ని వారాలకోసారి మార్చుకోవడం మంచిది. మర్చిపోతే భయం లేదు, అకౌంట్ పాస్‌వర్డ్‌తో మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ మాత్రం పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలి.

మేనకోడలి పిన్ తనే పెట్టుకుంది, అక్కకి చెప్పలేదు. నేను అదే సరైనదనుకుంటాను. వయసు పరిమితి అమ్మ చేతిలో ఉంది, అకౌంట్ పాస్‌వర్డ్ అమ్మ దగ్గర ఉంది. అవసరమైతే అమ్మ ఆ తాళం తీయగలదు. పదహారేళ్ళ పిల్ల ఏ సిరీస్ ఎన్నిసార్లు చూసిందో తమ్ముడు తెరిచి చూడకుండా ఉండటం తనకి దక్కాల్సిందే.

అత్తయ్యగారి కోసం నాలుగు చిన్న మార్పులు

ఆవిడ ప్రొఫైల్ Account పేజీలో తెరిచి Playback settings లోకి వెళ్ళండి. అక్కడ తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవ్వకుండా ఆపొచ్చు. ఆవిడ కుర్చీలోనే నిద్రపోతారు. ఇది ఆన్‌లో ఉంటే మెలకువ వచ్చేసరికి రెండు మూడు ఎపిసోడ్లు ముందుకి వెళ్ళిపోయి ఉంటాయి. దాని కిందే, పోస్టర్ మీద ఆగగానే శబ్దంతో ట్రైలర్ మొదలయ్యేది కూడా ఆపొచ్చు. రిమోట్ నెమ్మదిగా నొక్కేవాళ్ళు ఆ శబ్దానికి కంగారుపడి ఏదో ఒకటి నొక్కేస్తారు. చిన్నవాడి ప్రొఫైల్‌లో కూడా ఈ రెండూ ఆపేశాం. ఒక్క ఎపిసోడ్ అని చెప్పి కూర్చోబెడితే ఒక్కటే అవ్వాలి.

ఇంకోటి Subtitle appearance. అక్షరాల సైజు పెద్దది చేసి, వెనక నల్లటి నీడ పెట్టాం. ఇవి ప్రొఫైల్ వారీగా ఉంటాయి కాబట్టి ఆవిడకి పెద్ద అక్షరాలు పెట్టినా మిగతావాళ్ళకి మారవు. Languages లో చూడాలనుకునే భాషల్లో తెలుగుని టిక్ చేయండి. మార్చినవి టీవీలో కనిపించకపోతే వేరే ప్రొఫైల్‌లోకి వెళ్ళి మళ్ళీ వెనక్కి రండి, సాధారణంగా వచ్చేస్తాయి.

చూడాల్సినవాటి లిస్టు

నెట్‌ఫ్లిక్స్‌లో దీని పేరు My List, ప్రైమ్ వీడియోలో, జియోహాట్‌స్టార్‌లో Watchlist, యూట్యూబ్‌లో Watch later. పేరు ఏదైనా, అది ప్రొఫైల్‌కి కట్టుబడి ఉంటుంది. పోస్టర్ తెరిచి ప్లస్ గుర్తు నొక్కితే చేరుతుంది, మళ్ళీ నొక్కితే పోతుంది. ప్రొఫైల్‌ని తొలగిస్తే దాని లిస్టు, చూసిన చరిత్ర రెండూ పోతాయి, కాబట్టి పాతవి తీసేసే ముందు అందులో కావాల్సినవి రాసుకోండి.

లిస్టుని టీవీలోనే తయారు చేయాల్సిన పని లేదు. ఫోన్‌లో అదే అకౌంట్, అదే ప్రొఫైల్ తెరిచి చేర్చినవి టీవీలో కనిపిస్తాయి. మా ఇంట్లో ఎక్కువ పనికొచ్చింది ఇదే. అత్తయ్యగారు మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారితో మాట్లాడుతూ ఏదో సినిమా బాగుందట అని వింటారు. సాయంత్రం మనవరాలు ఫోన్‌లో నాయనమ్మ ప్రొఫైల్‌లోకి వెళ్ళి అది చేర్చేస్తుంది. ఆవిడ టీవీ పెట్టి, పసుపు బొమ్మ నొక్కి, లిస్టులోకి వెళ్తే చాలు. రిమోట్‌తో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి వెతికే పని ఆవిడకి లేకుండా పోయింది.

చేర్చేటప్పుడు భాష చూసుకోండి. కొన్ని సినిమాలకి తెలుగుది ఒక ఎంట్రీ, హిందీది ఇంకో ఎంట్రీ ఉంటాయి, పోస్టర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. హిందీది చేర్చితే ఆవిడ పెట్టగానే మాట అర్థంకాక ఆపేస్తారు, సినిమా బాగాలేదనుకుంటారు. వివరాల పేజీలో ఆడియో భాషల్లో తెలుగు ఉందో లేదో చూసి, ఒకసారి ప్లే చేసి ఆడియోని తెలుగులో పెట్టి వదిలేయండి.

పెద్దవాళ్ళ లిస్టు పొట్టిగా ఉంచండి, పదికి మించకుండా. అంతకన్నా పెరిగితే అది కూడా వెతుక్కునే చోటైపోతుంది. చూసేసినవి తీసేయడం వారానికోసారి మనవరాలి పని. లిస్టులో పెట్టిన సినిమా ఒకరోజు కనిపించకపోతే ఎవరో తీసేశారని అనుకోవద్దు. ఆ సినిమా హక్కుల గడువు ముగిస్తే యాప్‌లోంచే వెళ్ళిపోతుంది, దాంతోపాటు లిస్టులోంచి కూడా. బాగా చూడాలనుకున్నవాటిని ఏడాదిపాటు లిస్టులో దాచుకోకండి.

ఒక యాప్ లిస్టు ఇంకో యాప్‌కి తెలియదు. "అందరం" కోసం అనుకున్న సినిమాలు మూడు యాప్‌లలో చెల్లాచెదురుగా ఉంటే ఆదివారం అరగంట వెతకడానికే పోతుంది. మేం ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ పిన్ చేసి పెట్టాం. సినిమా పేరు, పక్కనే యాప్ పేరు, ఎవరు చెప్పారో. బావ పద్ధతి ఇది, ఆయన షాపు స్టాకు కూడా ఇలాగే రాసుకుంటారు. ఇంతకన్నా బాగా పనిచేసే యాప్ నాకు కనిపించలేదు.

మిగతా యాప్‌లలో తేడా ఏమిటి

ప్రైమ్ వీడియోలో ఆరు ప్రొఫైల్స్ దాకా పెట్టుకోవచ్చు, కాబట్టి పైన పడ్డ లెక్కల ఇబ్బంది ఉండదు. తయారీ దాదాపు అదే: primevideo.com లో పైన మూలనున్న ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Manage profiles లోంచి చేర్చాలి. పిల్లల ప్రొఫైల్ ఉంటుంది. ఇక్కడ అదనంగా చూడాల్సింది డబ్బు. ఈ యాప్‌లో మన చందాలో ఉన్న సినిమాల పక్కనే అద్దెకిచ్చే సినిమాలు కూడా కనిపిస్తాయి. సెట్టింగుల్లో కొనుగోళ్ళకి పిన్ పెట్టే చోటుంది, అది ఆన్ చేయండి. అద్దెకి తీసుకున్న సినిమాకి గడువుంటుంది కాబట్టి దాన్ని లిస్టులో చేర్చి మర్చిపోకూడదు.

జియోహాట్‌స్టార్‌లో లాగిన్ ఫోన్ నంబర్, ఓటీపీతో. మన ఇళ్ళలో చందా చాలాసార్లు ఫోన్ రీఛార్జ్ ప్యాక్‌తో వస్తుంది. ప్యాక్ ఏ నంబర్‌కి వేశారో ఆ నంబర్‌తోనే టీవీలో లాగిన్ అవ్వాలి. ఇంకో నంబర్‌తో లాగిన్ అయితే ప్రొఫైల్స్, లిస్టులు ఉన్న అకౌంట్ కాకుండా కొత్త ఖాళీ అకౌంట్ తెరుచుకుంటుంది. లిస్టు మొత్తం పోయిందని కంగారుపడే ముందు లాగిన్ నంబర్ చూడండి. బావకి ఒకటి, పిల్లాడికి పిల్లల ప్రొఫైల్ ఒకటి, "అందరం" ఒకటి పెట్టి, పెద్దల కంటెంట్‌కి పేరెంటల్ లాక్ పిన్ వేశాం. అంతకు మించి అక్కడ పని లేదు.

యూట్యూబ్ సంగతి మాత్రం వేరు. అక్కడ విడి ప్రొఫైల్ అంటే విడి గూగుల్ అకౌంట్. టీవీలో ఎడమవైపు మెనూలో అకౌంట్ బొమ్మ నొక్కి కొత్త అకౌంట్ చేర్చితే ఒక కోడ్ వస్తుంది. ఫోన్‌లో youtube.com/activate తెరిచి, ఎవరి అకౌంట్ కావాలో ఆ అకౌంట్‌తో ఆ కోడ్ కొట్టాలి. పిల్లాడికి అక్క అకౌంట్ కిందే యూట్యూబ్ కిడ్స్ ప్రొఫైల్ తయారు చేయొచ్చు. అత్తయ్యగారు ప్రవచనాలు, వంటలు చూస్తారు. ఆవిడ ఫోన్‌లో ఉన్న జీమెయిల్‌నే టీవీలో చేర్చాం. ఫోన్‌లో సగం విన్న ప్రవచనం ఇప్పుడు టీవీలో చరిత్రలో దొరుకుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు గెస్ట్‌గా వాడితే ఎవరి సిఫార్సులూ పాడవవు. ఫోన్‌లోంచి టీవీకి కాస్ట్ చేస్తే చరిత్ర ఆ ఫోన్ అకౌంట్‌కే వెళ్తుందని గుర్తుంచుకోండి. బావ ఫోన్ తీసుకుని పిల్లాడు పాటలు కాస్ట్ చేస్తే, బావ యూట్యూబ్ నిండా పిల్లల పాటలే వస్తాయి.

మీది గూగుల్ టీవీ అయితే టీవీ సెట్టింగుల్లోనే Accounts & profiles అని ఉంటుంది. అది టీవీ హోమ్ స్క్రీన్‌కి సంబంధించింది. అక్కడ ప్రొఫైల్ మార్చినంత మాత్రాన నెట్‌ఫ్లిక్స్ లోపలి ప్రొఫైల్ మారదు. పిల్లాడు ఎంతసేపు చూడాలి, ఏ యాప్‌లు తెరవాలి అనే పరిమితులు కావాలంటే అక్కడి పిల్లల ప్రొఫైల్ పనికొస్తుంది. లేకపోతే దాన్ని ముట్టుకోవాల్సిన అవసరం లేదు.

ఇంకో విషయంలో చాలామంది పొరబడతారు. ప్రొఫైల్స్ ఐదున్నాయని ఐదుగురు ఒకేసారి వేరువేరు చోట్ల చూడలేరు. అది మీ ప్లాన్‌ని బట్టి ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ప్లాన్‌లో ఒక స్క్రీన్, స్టాండర్డ్‌లో రెండు, ప్రీమియంలో నాలుగు. టీవీలో అత్తయ్యగారు, ఫోన్‌లో మేనకోడలు చూస్తుంటే స్టాండర్డ్ వాళ్ళకి మూడోది తెరుచుకోదు. ప్రొఫైల్ పాడైందనుకుని తీసి మళ్ళీ పెట్టకండి.

పెట్టాక పరీక్షించండి

రిమోట్ పిల్లాడి చేతికే ఇచ్చి, మీరు పక్కన కూర్చోండి. వాడి ప్రొఫైల్‌లో పెద్దవాళ్ళ సినిమా పేరు ఒకటి వెతకమనండి, రాకూడదు. అమ్మ బొమ్మ నొక్కమనండి, పిన్ అడగాలి. Add Profile నొక్కమనండి, అక్కడా పిన్ అడగాలి. మేనల్లుడు మూడూ ప్రయత్నించి, "మామయ్యా, నాయనమ్మది ఓపెన్ అవుతోంది" అన్నాడు. నిజమే, ఆవిడకి తాళం వేయలేదు. ఆవిడ చూసేవాటికి 13+ సరిపోతుంది కాబట్టి ఆ ప్రొఫైల్‌కి కూడా అదే పరిమితి పెట్టాం. తాళం లేని ప్రతి ప్రొఫైల్‌కీ పరిమితి ఉండాలి, పరిమితి లేని ప్రతి ప్రొఫైల్‌కీ తాళం ఉండాలి.

పిన్ పెట్టినా టీవీ అడగకపోతే, యాప్ పాత స్థితిలోనే తెరిచి ఉందని అర్థం. యాప్‌ని పూర్తిగా మూసి మళ్ళీ తెరవండి. అప్పటికీ అడగకపోతే టీవీలో ఆ యాప్ నుంచి సైన్ అవుట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వండి.

మొదటి వారంలో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇంకోటి ఉంది. రిమోట్‌తో టీవీ ఆపితే చాలా టీవీల్లో యాప్ నిజంగా మూసుకోదు, వెనకాల అలాగే ఉండిపోతుంది. మళ్ళీ టీవీ పెట్టగానే "ఎవరు చూస్తున్నారు" అనే తెర రాకుండా, రాత్రి మేనకోడలు వదిలిన చోటే తెరుచుకుంటుంది. తాళం వేసిన ప్రొఫైల్ కూడా అలా తెరిచే ఉండొచ్చు. దీనికి మందు అలవాటే. చూడటం అయ్యాక టీవీ ఆపే ముందు వెనక్కి బటన్ నొక్కుతూ యాప్‌లోంచి బయటికి వచ్చేయాలి, లేదా ప్రొఫైల్స్ తెర దాకా వచ్చి ఆపాలి. అత్తయ్యగారికైతే, పెట్టగానే పసుపు బొమ్మ కనిపించకపోతే మనవరాలిని పిలవమని చెప్పాం.

వారం తర్వాత ఒక్కో ప్రొఫైల్‌లో సగంలో ఆపినవాటి వరస, అంటే Continue Watching చూడండి. అందులో ఆ మనిషి చూడనిది ఏదైనా ఉంటే ఎవరో దారితప్పి అక్కడ చూశారన్నమాట. ఒకటీ అరా అయితే Viewing activity లో దాచేస్తే సరిపోతుంది. ఒకే మనిషివి మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఆ మనిషికి తన బొమ్మ దొరకడం లేదేమో కనుక్కుని, రంగు మార్చి చూడండి.